కనిపిస్తోంది... క్లిక్కే పడట్లేదు!

మెయిన్ బజార్లో కొట్టు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వేలమంది దాని ముందు నుంచే పోతుంటారు. లోపలికి మాత్రం ఎవరూ రారు. అప్పుడు కొట్టు యజమాని ఏం చేయాలి? ముందుగా రోడ్డు మీదికొచ్చి తన బోర్డు తానే చదువుకోవాలి. వెబ్‌సైట్ పెట్టుకుని 'ఎవరూ రావట్లేదు' అనుకునేవాళ్లు చేయాల్సిన మొదటి పనీ అదే.

గూగుల్లో ఏదైనా వెతికామనుకోండి. వచ్చే ఫలితాల్లో ఒక్కోదానికి రెండు ముక్కలుంటాయి. పైన పెద్దక్షరాల్లో ఉండేది టైటిల్. దాని కింద రెండు వరుసల్లో ఉండేది డిస్క్రిప్షన్, అంటే వివరణ. ఈ రెండూ కలిస్తేనే మన బోర్డు. దాన్ని చూసే జనం లోపలికి రావాలో పక్క కొట్టుకు పోవాలో క్షణంలో తేల్చుకుంటారు. చాలా సైట్లలో ఈ బోర్డును ఎవరూ పట్టించుకోరు. సైట్ తయారుచేసిన కుర్రాడు ఆ రోజు ఏం రాస్తే అదే ఏళ్ల తరబడి వేలాడుతూ ఉంటుంది.

దాన్ని మార్చడం పది నిమిషాల పని. అయితే ఏ పేజీది మార్చాలి, ఏమని మార్చాలి, మార్చాక ఫలితం వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? అసలు పని ఈ మూడింట్లోనే ఉంది. ఓ ఉదాహరణతో చూద్దాం.

పూతరేకుల ఇల్లు

గోదావరి సీమలో ఆత్రేయపురం తెలియనివాళ్లెవరు? బోర్లించిన కుండ కింద మంట పెట్టి, జావలాంటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను దాని మీద ఇలా పరిచి అలా లాగేస్తే ఉల్లిపొరలాంటి రేకు లేస్తుంది. ఆ ఊళ్లో అలా రేకులు తీసి, బెల్లమో పంచదారో నెయ్యో వేసి చుట్టి, సొంత సైట్లో అమ్ముకునే ఓ కుటుంబం ఉందనుకుందాం. అత్తాకోడళ్లది తయారీ. కొడుకుది ఆర్డర్లు, పార్శిళ్లు. సైట్ పెట్టి రెండేళ్లయినా దాని నుంచి వచ్చే ఆర్డర్లు అంతంతమాత్రం. 'నెలకు ఇంత ఇవ్వండి, మిమ్మల్ని గూగుల్లో మొదటి స్థానంలో కూర్చోబెడతాం' అని ఎవరో ఫోన్ చేశారు. ఇవ్వాలా, వద్దా? రేకులమ్మి కూడబెట్టిన డబ్బది. జవాబు చెప్పే ముందు రిపోర్టు చూడాలి.

ఆ రిపోర్టును గూగులే ఉచితంగా ఇస్తుంది. పేరు గూగుల్ సెర్చ్ కన్సోల్. 2015 వరకు దీన్నే వెబ్‌మాస్టర్ టూల్స్ అనేవారు. సైట్ మీదేనని ఒకసారి నిరూపించుకుంటే చాలు, పదహారు నెలల వెనకటి లెక్కల వరకు చూపిస్తుంది. అందులో Performance అనే చోట నాలుగు అంకెలుంటాయి. మీ పేజీ ఫలితాల్లో ఎన్నిసార్లు వచ్చింది, ఎందరు నొక్కారు, వందకు ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది... ఇవే ఆ నాలుగు. మూడో అంకెను తెర మీద CTR అంటారు. మనం క్లిక్కు శాతం అనుకుందాం.

మన పూతరేకుల పేజీకి గడచిన మూడు నెలల లెక్క ఇలా ఉందనుకోండి. (లెక్క సులువుగా ఉండేందుకు ఈ అంకెలు మేం వేసుకున్నవే. చూసే పద్ధతి మాత్రం అసలుదే.) 8,000 సార్లు కనిపించింది. 80 క్లిక్కులు పడ్డాయి. అంటే ఒక్క శాతం. సగటు స్థానం 9.4.

ఇది చూడగానే ఎవరికైనా ఏమనిపిస్తుంది? 'తొమ్మిదో చోట ఉన్నాం, అందుకే ఎవరూ రావట్లేదు. ఆ ఫోన్ చేసినాయనకి డబ్బు కట్టేద్దాం' అనిపిస్తుంది. ఆగండి. సగటు అనేది గుంభనంగా అబద్ధం చెప్పగలదు.

సగటును విప్పితే...

Pages అన్న జాబితాలో ఈ పేజీ మీద నొక్కి, ఆ తర్వాత Queries జాబితాకు వెళ్లండి. జనం ఏయే మాటలు టైపు చేస్తే ఈ పేజీ కనిపించిందో ఒక్కోటీ విడివిడిగా వస్తుంది. మన ఉదాహరణలో ఐదు ముఖ్యమైనవి చూద్దాం.

'how to make putharekulu' అని వెతికినవాళ్లకు ఈ పేజీ 3,000 సార్లు కనిపించింది. పద్నాలుగో స్థానంలో. మూడే మూడు క్లిక్కులు. వాళ్లకు కావలసింది తయారీ విధానం. మనది అమ్మకం పేజీ. పైగా పద్నాలుగో స్థానం దాకా దిగేవాళ్లు ఎందరు? ఫలితాల పైభాగంలోనే వీడియోలు, గూగుల్ ఇచ్చే సంక్షిప్త జవాబు ఉంటే అసలే దిగరు. ఇక్కడ క్లిక్కులు రాకపోవడం బోర్డు తప్పు కాదు.

ఒట్టి 'putharekulu' అని కొట్టినవాళ్లకు 2,000 సార్లు, తొమ్మిదో స్థానంలో కనిపించి 16 క్లిక్కులు తెచ్చుకుంది. వాళ్లలో కొనేవారున్నారు, బొమ్మలు చూసేవారున్నారు, చరిత్ర కావలసినవారూ ఉన్నారు. దీన్నీ పక్కన పెడదాం.

కొట్టు పేరే టైపు చేసినవాళ్లకు 60 సార్లు కనిపిస్తే 24 మంది నొక్కారు. నలభై శాతం. వాళ్లు మనల్నే వెతుక్కుంటూ వచ్చిన పాత ఖాతాదారులు. బోర్డు మీద ఏమున్నా వస్తారు. కాబట్టి ఈ అంకె చూసి మురిసిపోవడానికేం లేదు.

మిగిలినవి రెండు. 'putharekulu online' అన్నదానికి 1,200 సార్లు నాలుగో స్థానంలో కనిపించి 18 క్లిక్కులు. 'jaggery putharekulu price' అన్నదానికి 800 సార్లు, మూడు-నాలుగు స్థానాల మధ్య కనిపించి 8 క్లిక్కులు. ఇక్కడ ఆగి చూడాలి. వీళ్లు కొనడానికే వచ్చినవాళ్లు. మన పేజీ కూడా వాళ్ల కళ్లెదుటే ఉంది. అయినా రెండు వేలసార్లు కనిపిస్తే 26 మందే తలుపు తట్టారు. అంటే 1.3 శాతం. జబ్బు ఉన్నది ఇక్కడ!

ఈ ఐదూ కూడితే 8,000 రావేమిటని లెక్కల మాస్టార్లు అడగొచ్చు. రాదు. చాలా తక్కువమంది వెతికిన మాటల్ని గోప్యత కోసం గూగుల్ జాబితాలో చూపించదు. మొత్తంలో మాత్రం కలుపుతుంది. ఆ తేడా చూసి కంగారు పడక్కర్లేదు.

తక్కువా? దేంతో పోలిస్తే?

నాలుగో స్థానంలో 1.3 శాతం తక్కువని ఎలా అన్నాం? ఫలానా స్థానానికి ఇంత శాతం రావాలంటూ ఇంటర్నెట్లో బోలెడు పట్టికలు దొరుకుతాయి. వాటిని మరీ నమ్మకండి. ఒక వెతుకులాటలో పైన నాలుగు ప్రకటనలుండొచ్చు, మరోదాంట్లో మ్యాపు ఉండొచ్చు. పేరుకు రెండూ నాలుగో స్థానమే. చూసే కంటికి మాత్రం ఒకటి పైన, మరోటి అట్టడుగున.

మంచి కొలబద్ద మీ సైట్లోనే ఉంటుంది. ఇదే కుటుంబం సున్నుండలూ అమ్ముతోందనుకోండి. వాటిని కొనేందుకు వెతికే మాటలకు ఆ పేజీ కూడా నాలుగో స్థానంలోనే ఉంది. దానికి అయిదు శాతం వస్తోంది. కొట్టు అదే, జనం దాదాపు అదే, స్థానమూ అదే. పూతరేకులకు మాత్రం అందులో మూడో వంతు కూడా లేదు. అంటే స్థానం సమస్య కాదు. మొదటి స్థానం కోసం డబ్బు కట్టాల్సిన అవసరం ఇప్పటికైతే లేదు.

ఇప్పుడు రోడ్డు మీదికి రావాలి. బ్రౌజర్లో ప్రైవేట్ కిటికీ తెరిచి, అదే మాట కొట్టి, మీ బోర్డును పక్కవాళ్ల బోర్డులతో కలిపి చదవండి. మన కుర్రాడు చదివితే కనిపించింది ఇదీ:

```html
<title>Products | Home</title>
```

డిస్క్రిప్షన్ అసలు రాయనే లేదు. అది లేకపోతే గూగుల్ పేజీలోంచి తనకు దొరికిన ముక్కలు ఏరుకుంటుంది. ఇక్కడ దొరికింది పైన మెనూలో ఉన్న నాలుగు మాటలు, చివర్లో ఓ ఫోన్ నంబరు. పైనా కిందా ఉన్న పోటీ కొట్లేమో పూతరేకులు, బెల్లం, ఆన్‌లైన్, ధర అని చక్కగా రాసుకున్నాయి. ఇక 'ఉత్పత్తులు' అన్న బోర్డును ఎవరు నొక్కుతారు?

కొత్త బోర్డు

కొత్తగా ఏం రాయాలి? మాటలు మీరు కల్పించక్కర్లేదు. రెండుచోట్ల సిద్ధంగా ఉన్నాయి.

మొదటిది ఆ Queries జాబితా. మన తిండి పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. putharekulu, pootharekulu, pootarekulu... తెలుగు లిపిలోనే టైపు చేసేవాళ్లూ ఉంటారు. మీకు ఏది ముద్దో అది కాదు, జాబితాలో ఏది ఎక్కువుందో అది టైటిల్లో పెట్టాలి. అదీ ఒక్కసారే. అన్ని స్పెల్లింగులూ వరుసగా గుచ్చితే చదివేవాళ్లకు చిరాకు, గూగుల్‌కు అనుమానం. రెండో స్పెల్లింగు పేజీ లోపల ఎక్కడో సహజంగా వస్తే చాలు.

రెండోది మీ ఫోను. కొనేవాళ్లు ఫోన్ చేసి అడిగేవేమిటి? 'బెల్లంవి ఉన్నాయా?', 'పెట్టెలో ఎన్నుంటాయి?', అన్నిటికన్నా ముందు 'వచ్చేసరికి విరిగి పొడైపోవు కదండీ?' పూతరేకు ఎంత సున్నితమో తెలిసినవాళ్లంతా అడిగే ప్రశ్నది. దీనికి జవాబు పోటీ కొట్ల బోర్డుల్లో లేకపోతే మీ బోర్డులో ఉండాల్సింది అదే. అయితే విరిగినవాటికి బదులు నిజంగా పంపే పద్ధతి మీకుంటేనే సుమా!

అవన్నీ కలిపితే ఇలా వస్తుంది:

```html
<title>Putharekulu Online from Atreyapuram: Jaggery, Sugar, Price</title>
<meta name="description" content="Jaggery and sugar putharekulu made at home in Atreyapuram. Boxes of 10 and 20, prices inside. Hard-carton packing; broken pieces replaced.">
```

ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. ముఖ్యమైన మాట ముందుండాలి. టైటిల్‌కు ఇన్ని అక్షరాలని గూగుల్ నియమం పెట్టలేదు గానీ, తెర వెడల్పులో పట్టనిది కత్తిరించేస్తుంది. ఫోన్లో ఒకలా, కంప్యూటర్లో ఒకలా తెగుతుంది. చివర తెగినా అర్థం మిగిలేలా రాసుకోవాలి. రెండోది, ధర అన్నారు కదాని అంకె వేసేయకండి. నెయ్యి రేటు పెరిగి లోపల ధర మారితే, బోర్డు మీది పాత ధర చూసి వచ్చినవాళ్లు మోసమనుకుని వెనక్కి పోతారు. పేజీ తెరవగానే ధర కనబడితే చాలు.

ఇంకో మాట. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎక్కడో చేసి, క్లిక్కుల కోసం ఆ ఊరి పేరు తగిలించడం కుదరదు. అలాగే 3,000 సార్లు కనిపించిందన్న ఆశతో 'తయారీ విధానం' అని టైటిల్లో చేర్చడం కూడా తప్పే. విధానం కోసం వచ్చినవాళ్లకు లోపల పెట్టెల ధరలు కనిపిస్తే ఏం లాభం? అది రాయాలనుంటే దానికి వేరే పేజీ పెట్టుకోవాలి.

గూగుల్ ఒప్పుకోవాలి కదా!

మీరు రాసింది రాసినట్టు చూపించాలని గూగుల్‌కు నిర్బంధం లేదు. 2021లో టైటిళ్లు చూపే పద్ధతిని మార్చినప్పుడు, సుమారు 87 శాతం సందర్భాల్లో సైట్ వాళ్లు రాసిన టైటిల్‌నే వాడుతున్నామని గూగులే చెప్పింది. మిగతాచోట్ల పేజీలోని పెద్ద శీర్షిక నుంచో మరోచోటి నుంచో తీసుకుంటుంది. అందుకే పేజీ లోపల పైన కనిపించే శీర్షిక కూడా కొత్త టైటిల్‌తో పొసిగేలా మార్చాలి. టైటిల్ పూతరేకులంటుంటే లోపల 'మా ఉత్పత్తులు' అని ఉంటే గూగుల్ లోపలిదాన్నే పట్టుకోవచ్చు. డిస్క్రిప్షన్ విషయంలో అది మరింత స్వేచ్ఛ తీసుకుంటుంది. వెతికిన మాటకు దగ్గరగా పేజీలో మరో వాక్యం దొరికితే దాన్నే చూపిస్తుంది.

మార్పు చేశాక కన్సోల్లో ఆ పేజీ అడ్రసు ఇచ్చి Request indexing నొక్కితే మళ్లీ వచ్చి చూడమని కబురు పెట్టినట్టు. అయినా కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పట్టొచ్చు. కొత్త బోర్డు ఫలితాల్లో కనబడిన రోజును నోట్‌బుక్‌లో రాసుకోండి. పాత టైటిల్ కూడా రాసి పెట్టుకోండి. వికటిస్తే వెనక్కి పోవడానికి పనికొస్తుంది. లెక్క మొదలయ్యేది మీరు మార్చిన రోజు నుంచి కాదు, జనానికి కనబడిన రోజు నుంచి.

ఫలితం తేలేదెలా?

ఆ రోజుకు ముందు 28 రోజులు, తర్వాత 28 రోజులు పోల్చండి. నెల అనకుండా 28 ఎందుకంటే, రెండువైపులా నాలుగేసి ఆదివారాలు సమానంగా వస్తాయి. ఆఖరి రెండు మూడు రోజుల లెక్కలు పూర్తిగా చేరి ఉండవు కాబట్టి కాస్త ఆగి చూడాలి. అప్పుడు కూడా పేజీ మొత్తాన్ని కాదు, మనం ఎంచుకున్న ఆ రెండు మాటల్నే చూడాలి.

ముందు 28 రోజుల్లో ఆ రెండు మాటలకు 620 సార్లు కనిపించి 8 క్లిక్కులు వచ్చాయనుకుందాం. తర్వాత 640 సార్లు కనిపించి 27 క్లిక్కులు వచ్చాయి. అంటే 4.2 శాతం. స్థానం మాత్రం ఇంచుమించు నాలుగే. స్థానం మారకుండా క్లిక్కు శాతం పెరిగిందంటే ఆ ఘనత బోర్డుదే. అదే స్థానం నాలుగు నుంచి రెండుకి ఎగబాకి ఉంటే, పెరుగుదలలో బోర్డు వాటా ఎంతో చెప్పడం కష్టం.

ఎనిమిది కాస్తా పదకొండయితే? పండగ చేసుకోవద్దు. ఇంత చిన్న లెక్కల్లో రెండు మూడు క్లిక్కుల తేడా ఏ మార్పూ చేయకుండానే వస్తుంటుంది. మరో 28 రోజులు చూడాలి.

సంక్రాంతి, దీపావళి రోజులైతే ఇంకో చిక్కు. పండక్కి కొనే తొందర వేరు. అప్పుడు మన సున్నుండల పేజీయే సాక్ష్యం చెబుతుంది. దాన్ని మనం ముట్టుకోలేదు. అది కూడా అయిదు నుంచి ఏడెనిమిది శాతానికి పెరిగితే ఇది పండగ మహిమ. అది అయిదు దగ్గరే ఉండి పూతరేకులే పెరిగితే మార్పు ఫలించినట్టు. అందుకే ఒకేసారి అన్ని పేజీల టైటిళ్లూ మార్చేయకూడదు. పోల్చుకోవడానికి ఏదీ మిగలదు.

కొన్నిసార్లు దీనికి తిరగబడిన చిత్రమూ కనిపిస్తుంది. కొత్త టైటిల్లో స్పష్టమైన మాటలు చేరాయి కాబట్టి, ఇదివరకు కనిపించని వెతుకులాటల్లోనూ పేజీ కింద ఎక్కడో కనిపించడం మొదలవుతుంది. 8,000 కాస్తా 15,000 అవుతుంది. క్లిక్కులు 80 నుంచి 130కి పెరుగుతాయి. పేజీ మొత్తం శాతం మాత్రం ఒకటి నుంచి 0.9కి దిగుతుంది. అంకె తగ్గిందని బోర్డు పీకేస్తే వచ్చే బేరం పోగొట్టుకున్నట్టే.

ఆఖరుగా, రిపోర్టులో లేని లెక్క ఒకటుంది. వచ్చినవాళ్లలో కొన్నవాళ్లెందరు? క్లిక్కులు మూడింతలై ఆర్డర్లు కదలకపోతే బోర్డు మీద చెప్పినదానికీ లోపల ఉన్నదానికీ పొంతన లేదేమో చూసుకోవాలి. ధర వెతుక్కోవాల్సి వస్తోందా? బెల్లంవి అయిపోయాయా? ఆ తీర్పు గూగుల్ దగ్గర ఉండదు. అత్తగారి ఆర్డర్ల పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం నిండుతుంటే, మొదటి స్థానం అమ్ముతానన్న ఫోనుకు ఏం జవాబివ్వాలో కోడలికి వేరే చెప్పక్కర్లేదు.